పదకొండా, పన్నెండా?

రెండు పాచికలు వేస్తే మొత్తం 12 పడడానికి ఎంత అవకాశం ఉందో, 11 పడడానికీ అంతే ఉందని ఒకాయన రాశాడు. 12 కావాలంటే రెండూ ఆర్లే పడాలి. 11 కావాలంటే ఒకటి అయిదు, ఒకటి ఆరు పడాలి. రెంటికీ ఒక్కొక్క దారే ఉన్నప్పుడు తేడా ఎందుకుంటుందన్నది ఆయన వాదన. ఆయన పేరు లైబ్నిజ్. న్యూటన్‌తో సమానంగా కలనగణితానికి ఆద్యుడని లోకం గౌరవించే జర్మన్ పండితుడు. ఏడో తరగతి పిల్లల్ని ఇదే అడిగి చూడండి. చాలామంది అదే జవాబు చెబుతారు, కారణం కూడా అదే చెబుతారు.

జవాబు తప్పని వెంటనే చెప్పేయొచ్చు. పాఠ్యపుస్తకాలు చేసేది దాదాపు అదే. ‘ఒక నిష్పాక్షిక పాచికను దొర్లించిన’ అని మొదలుపెట్టి రెండో వాక్యానికల్లా భిన్నం రాసేస్తాయి. పిల్లవాడు ఆ భిన్నాన్ని బట్టీపడతాడు, కానీ మనసులో 11, 12 సమానమన్న నమ్మకం అలాగే ఉండిపోతుంది. లూడో ఆడేటప్పుడు మళ్ళీ బయటికొస్తుంది. ఆ నమ్మకాన్ని కదిలించాలంటే పాచికల చేతనే చెప్పించాలి. అందుకు చవకైన ఆట ఒకటి ఉంది.

ఒక చార్టు మీద నిలువుగా 1 నుంచి 12 వరకు అంకెలు వేసి, ఒక్కో అంకె ఎదురుగా పది గడులు గీయాలి. ఒక్కో అంకె ఒక్కో పందెపు గుర్రం. గుర్రాలుగా సీసామూతలో గుండీలో సరిపోతాయి. పాచికలు రెండూ వేరువేరు రంగులవి కావాలి, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు అనుకుందాం. రంగులతో పనేమిటో తర్వాత తెలుస్తుంది. రెండూ కలిపి వేసి, వచ్చిన మొత్తం ఏ అంకె అయితే ఆ గుర్రాన్ని ఒక గడి ముందుకు జరపాలి. పదో గడికి ముందు చేరిన గుర్రం గెలిచినట్టు.

ఆట మొదలుకాకముందే ఎవరి గుర్రం ఏదో కాగితం మీద రాయించుకోవాలి. ఇది మరిచిపోతే సగం పాఠం పోయినట్టే, ఎందుకంటే ఆట అయ్యాక అందరూ ‘నాకు ముందే తెలుసు’ అంటారు. పెద్ద అంకె కదా అని 12 పట్టుకునేవాళ్ళుంటారు, పుట్టినరోజు తేదీ పట్టుకునేవాళ్ళుంటారు. ఎవరో ఒకరు 1 పట్టుకుంటారు. చార్టులో 1ని కావాలనే ఉంచాలి. ఏడెనిమిది వేతలు అయ్యేసరికి ఆ పిల్లకి తన గుర్రం ఎప్పటికీ కదలదని తట్టి, ‘టీచర్, రెండు పాచికలకి ఒకటెలా వస్తుంది?’ అని పోట్లాటకు వస్తుంది. అసాధ్యం అంటే ఏమిటో నిర్వచనం చెప్పకుండానే తెలిసిపోయింది.

గెలిచేది ఎప్పుడూ 7 అని మాత్రం ముందే మాట ఇవ్వకండి, పరువు పోతుంది. 36 సార్లు వేశాక ఒక జట్టు పట్టీ ఇలా కూడా ఉండొచ్చు: 2 అసలు పడలేదు, 3 మూడుసార్లు, 4 రెండుసార్లు, 5 అయిదుసార్లు, 6 నాలుగు, 7 అయిదు, 8 ఏడు, 9 నాలుగు, 10 మూడు, 11 ఒకసారి, 12 రెండుసార్లు. ముందున్నది 8. పైగా 11 కన్నా 12 ఎక్కువసార్లు పడింది! లైబ్నిజ్‌ను కూడా దాటేసి, 12 పడడమే తేలికని వాదించడానికి ఈ జట్టుకు చేతిలో ఆధారం ఉంది. వాళ్ళు అబద్ధమాడలేదు, పాచికల్లో మోసమూ లేదు. 36 వేతలంటే ఈ తగాదా తీర్చడానికి చాలవు, అంతే.

ఎందుకు చాలవో చూద్దాం. 36 వేతల్లో 11 సగటున రెండుసార్లు, 12 సగటున ఒకసారి పడాలి. రెంటికీ ఒకటిన్నీ అటూ ఇటూ అయ్యే చోట రెండుకీ ఒకటికీ ఉన్న తేడా ఏం కనిపిస్తుంది? లెక్క కడితే, పది జట్లలో దాదాపు నాలుగింటికి 11 ముందుండదు. అయితే సమానంగా పడతాయి, లేకపోతే 12 ముందుంటుంది. అందుకని ఆట ఒక జట్టుతో ఆగకూడదు. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరిద్దరు చొప్పున ఇరవై జట్లు, జట్టుకు 36 వేతలు. అన్నీ బోర్డు మీద కలిపితే 720. ఇప్పుడు 11 సుమారు 40, 12 సుమారు 20 రావాలి. ఇక్కడా అటూ ఇటూ అవుతాయి, 35, 24 రావొచ్చు, 46, 17 రావొచ్చు. కానీ 11 వెనకబడిపోవడం నూటికి ఒకసారి కూడా జరగదు.

బోర్డు మీద గీతలు కలిపేటప్పుడు తరగతిలో ఒక చిత్రమైన నిశ్శబ్దం... అని రాయాలని ఉంటుంది కానీ అలా ఏమీ ఉండదు, గోలగోలగా ఉంటుంది. 12 పట్టుకున్న వాళ్ళు మళ్ళీ వేద్దామంటారు. ఆ గోలలోనే అసలు ప్రశ్న అడగాలి. 11 పడిన ప్రతిసారీ ఎర్రపాచిక మీద ఏముంది, తెల్లదాని మీద ఏముంది? కొన్నిసార్లు ఎరుపు మీద అయిదు, తెలుపు మీద ఆరు. కొన్నిసార్లు ఎరుపు మీద ఆరు, తెలుపు మీద అయిదు. 12కి అలాంటి రెండో దారి లేదు. రంగు పాచికలు అడిగింది ఇందుకే. రెండూ తెల్లవే అయితే ఈ రెండు దారులూ కంటికి ఒక్కటిగా కనిపిస్తాయి, లైబ్నిజ్ పడ్డది ఆ గోతిలోనే. ‘మరి తెల్లపాచికలతో వేస్తే 11 తక్కువ పడుతుందా?’ అని ఎవరైనా అడిగితే ఆ రోజు పాఠం పండినట్టు. జవాబు చెప్పకుండా రెండు తెల్లపాచికలు చేతికిచ్చి వేయమనండి. పాచికకు తన రంగు తెలియదు.

ఇక అడ్డంగా ఎరుపు ఆరు ముఖాలు, నిలువుగా తెలుపు ఆరు ముఖాలు రాసి, గడుల్లో మొత్తాలు నింపితే 36 గడుల పట్టిక వస్తుంది. అందులో 2 ఒకచోట, 3 రెండుచోట్ల, అలా పెరుగుతూ 7 ఆరుచోట్ల ఉంటుంది. అక్కణ్ణించి తగ్గుతూ 12 ఒక్కచోటే. బోర్డు మీద గీతలు పేర్చుకున్న ఆకారమూ దాదాపు ఇదే. పిల్లలు ముందు గీతల గుట్టను చూసి, తర్వాత పట్టికను చూస్తేనే ఆశ్చర్యపడతారు. వరస తిరగేస్తే పట్టిక ఒక సూత్రం, గుట్ట దానికి ఉదాహరణ అయిపోతాయి.

ఈ ఆటలో గడుల సంఖ్యను మార్చి చూడడం నాకు చాలా ఇష్టం. ఒక్క గడే ఉంటే, అంటే మొదటి వేతకే పందెం తేలిపోతే, 7 గెలిచే అవకాశం 36లో 6 మాత్రమే. 6, 8 రెండూ కలిస్తే 36లో 10. పందెం పొట్టిదైతే ఎవరైనా గెలవొచ్చు. గడులు పది, ఇరవై, యాభై చేస్తూ పోతే 7 బలం బయటపడుతుంది, చివరి గుర్రాలకు ఆశ పోతుంది. అదృష్టానికీ అవకాశానికీ మధ్య తేడా ఎక్కడుందంటే ఆ గడుల పొడవులో ఉంది.

తరగతిలో తప్పులు జరిగే చోట్లు రెండున్నాయి. మొదటిది, పాచిక బల్ల కిందికి దొర్లిపోవడం. కింద పడ్డది లెక్కలోకి వస్తుందో రాదో ముందే తేల్చకపోతే, తమకు కావలసింది పడితే లెక్కేసుకుంటారు, లేకపోతే ‘కింద పడింది కదా’ అని మళ్ళీ వేస్తారు. దుర్బుద్ధి లేకుండానే లెక్క వంకరపోతుంది. చెప్పుల పెట్టె మూతలో వేయిస్తే ఈ గొడవ ఉండదు. రెండోది, వేయకుండానే అంకెలు నింపేయడం. విసుగొచ్చిన జట్టు చేసే పని ఇది, పట్టుకోవడం కూడా తేలికే, ఎందుకంటే కట్టుకథలు మరీ చక్కగా ఉంటాయి. ఒక పాచికను 60 సార్లు వేసి ఆరు ముఖాలూ సరిగ్గా పదేసి సార్లు పడ్డాయని రాసిచ్చారనుకోండి. నిజంగా వేస్తే అలా రావడం పదివేల పట్టీల్లో ఒకదానిలో కూడా కష్టం. ఒకే అంకె వరసగా మూడుసార్లు పడినట్టు రాయడానికి కల్పించేవాళ్ళకు ధైర్యం చాలదు. నిజం పాచికకు ఆ మొహమాటం లేదు.

అలా వరసగా పడినప్పుడే ఇంకో నమ్మకం తల ఎత్తుతుంది. చాలాసేపు ఆరు పడకపోతే ‘ఇప్పుడు పడాలి, బాకీ ఉంది’ అంటారు. ఎక్కువసార్లు వేస్తే సమానమవుతుందని మనమే చెప్పాం కదా, ఆ మాటను పిల్లలు ఇలా అర్థం చేసుకుంటారు. దీనికి జాన్ కెరిక్ లెక్క మంచి మందు. దక్షిణాఫ్రికాలో గణితం చెప్పే కెరిక్, 1940లో డెన్మార్క్‌లో అత్తవారింటికి వెళ్ళినప్పుడు జర్మన్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. నిర్బంధ శిబిరంలో చిక్కుకుపోయి, పొద్దుపోక ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి రాసుకున్నాడు. మొదటి 100లో బొమ్మ 44 సార్లు పడింది, అంటే సగానికి 6 తక్కువ. మొత్తం 10,000 అయ్యేసరికి 5,067, సగానికి 67 ఎక్కువ. నూటికి లెక్క చూస్తే 44 నుంచి 50.67కి వచ్చింది, సగానికి బాగా దగ్గరైంది. కానీ సగానికీ దానికీ ఉన్న తేడా 6 నుంచి 67కి పెరిగింది. బాకీ ఎవరూ తీర్చలేదు. మొదట్లో పడ్డ ఆరు తక్కువను నాణెం తర్వాత సరిచేయలేదు, వేలకొద్దీ వేతల్లో ఆ ఆరుకు విలువ లేకుండా పోయిందంతే.

పాచికకు ఆరు ముఖాలున్నాయని ముందే తెలుసు. లోపల ఏముందో తెలియనప్పుడు మాటేమిటి? గోళీల సంచి ఆట దానికోసం. చూపు కనబడని గుడ్డసంచిలో తెల్లవి మూడు, నల్లవి రెండు గోళీలు టీచరు రహస్యంగా వేస్తుంది. మొత్తం అయిదని చెబుతుంది, రంగుల లెక్క చెప్పదు. పిల్లలు చూడకుండా ఒకటి తీసి, రంగు రాసుకుని, మళ్ళీ సంచిలో వేసి, బాగా కలిపి, ఇంకొకటి తీయాలి. సంచి విప్పకుండా లోపల ఏవి ఎన్నో చెప్పాలి.

ఈ మూడు, రెండు నిష్పత్తిని ఊరికే పెట్టలేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన జేకబ్ బెర్నౌలీ తన పుస్తకంలో సరిగ్గా ఇదే ఊహించాడు. పాత్రలో 3,000 తెల్లరాళ్ళు, 2,000 నల్లరాళ్ళు. ఒక్కొక్కటి తీసి మళ్ళీ వేస్తూ పోతే ఎన్నిసార్లకు ఆ నిష్పత్తి దాదాపు కచ్చితంగా తెలుస్తుంది? ఎక్కువసార్లు చూస్తే మేలని అందరికీ తెలుసు, కానీ ఎంత ఎక్కువ అన్నది అంతకుముందు ఎవరూ లెక్కకట్టలేదు. ఆయనకు వచ్చిన జవాబు 25,550. నూటికి 58కీ 62కీ మధ్య తెల్లరాళ్ళున్నట్టు తేలడం, తేలకపోవడం కన్నా వెయ్యి రెట్లు ఎక్కువ సంభవం కావాలన్నది ఆయన పెట్టుకున్న షరతు. ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు, 1713లో ఆ పుస్తకం అచ్చయింది.

మన సంచికి అంత గట్టి షరతు అక్కర్లేదు. అయిదు గోళీల్లో తెల్లవి ఒకటా, రెండా, మూడా, నాలుగా అన్నదే తేలాలి. అయినా పది తీతలతో తేల్చబోతే ఏమవుతుందో చూడండి. ప్రతి ఆరు జట్లలో దాదాపు ఒకదానికి నల్లవే ఎక్కువసార్లు వస్తాయి, నల్లవే ఎక్కువున్నాయని రాసిస్తారు. మరో అయిదో వంతు జట్లకు సమానంగా వచ్చి, అయిదు గోళీల్లో సగమెలా ఉంటాయో తెలియక తల గోక్కుంటారు. 50 తీతలైతే పది జట్లలో ఎనిమిది సరిగా చెబుతాయి. 100 అయితే ఇరవైలో పంతొమ్మిది. తరగతిని మూడు గుంపులుగా చేసి ఒకరికి 10, ఒకరికి 50, ఒకరికి 100 ఇస్తే, ఎవరి మాట నమ్మాలో పిల్లలే తేలుస్తారు. టీచరు సంచి విప్పేది ఆ తగువు పూర్తయ్యాకే. కొందరు అసలు విప్పకూడదంటారు, బయట లోకంలో సంచి విప్పి చూపించేవాళ్ళెవరూ ఉండరు కదా అని. నేనైతే విప్పమంటాను. ఏడో తరగతి పిల్లల్ని అంత ఏడిపించకూడదు.

ఈ ఆటను పాడుచేసేవి చిన్న విషయాలే. తీసిన గోళీ తిరిగి వేయకపోతే అయిదోసారికి సంచి ఖాళీ అయి గుట్టు రట్టవుతుంది. వేసి కలపకపోతే పైనున్నదే మళ్ళీ చేతికొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, గోళీలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. ఒకటి పెద్దదైనా, ఒకదాని అంచు పగిలినా, వేళ్ళకు తెలిసిపోతుంది. ఒక జట్టు ఫలితం మిగతావాటికి బొత్తిగా పొంతన లేకుండా ఉంటే, ముందు సంచిలో చెయ్యి పెట్టి తడిమి చూడాలి.

పాచికల పందెంలో వేసి చూసినా, పట్టిక వేసి లెక్కపెట్టినా ఒకే జవాబు వచ్చింది. ఎప్పుడూ అలా కుదరదు. మూడు పాచికలు తీసుకుంటే మొత్తం 9 రావడానికి అంకెల జతలు ఆరు రకాలు, 10కీ ఆరు రకాలే. అయినా 10 కాస్త ఎక్కువ పడుతోందన్న జూదరుల సందేహం గెలీలియో దాకా వెళ్ళింది. ఆయన ఒక్కో పాచికనూ విడిగా చూసి లెక్కపెట్టాడు. మొత్తం 216 దారుల్లో 9కి 25, 10కి 27. రంగు పాచికలతో పిల్లలు చేసిన పనే ఇది. కానీ 25కీ 27కీ ఉన్న తేడాను వేసి నిరూపించాలంటే సుమారు 11,000 వేతలు కావాలి, ఏ తరగతికీ అంత ఓపిక ఉండదు. ఇక్కడ కాగితం మీద లెక్కే దిక్కు.

దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్నది మన అష్టాచెమ్మా గవ్వ. గవ్వ వెల్లకిలా పడుతుందా, బోర్లా పడుతుందా? రెండే కాబట్టి సగం సగం అంటారు పిల్లలు. పాచిక ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆరో వంతు అనగలిగాం. గవ్వ వీపు గుండ్రం, నోటివైపు చదును. రెండువైపులా ఒకేలా లేనప్పుడు ఏ పట్టికా మనకు జవాబివ్వదు, వేసి చూడాల్సిందే. నాలుగు గవ్వలకూ సిరాతో గుర్తులు పెట్టి 50 సార్లు వేస్తే 200 పడకలు నమోదవుతాయి. ఏ గవ్వ ఎన్నిసార్లు నోరు పైకి పడిందో విడివిడిగా రాయాలి, ఎందుకంటే నాలుగూ ఒకే తీరున ఉండాలని లేదు. చాప మీద వేసిన లెక్కను సిమెంటు గచ్చుకు వాడకూడదు, దొర్లే తీరు మారిపోతుంది.

ఒక సెట్టు గవ్వలు పదింట నాలుగుసార్లు నోరు పైకి పడుతున్నాయనుకుందాం. నాలుగూ నోళ్ళు పైకి పడితే చెమ్మా, నాలుగు గడులు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది గడులు. చెమ్మాకు 0.4ను నాలుగుసార్లు గుణించాలి, 0.0256 వస్తుంది, అంటే వందకు రెండో మూడో. అష్టాకు 0.6ను నాలుగుసార్లు గుణిస్తే 0.1296, వందకు పదమూడు. ఒక్క గవ్వలో పదింట ఒక వంతు మొగ్గు, నాలుగు కలిసేసరికి అయిదు రెట్ల తేడా అయింది. ఆ గవ్వలతో ఆడితే ఎక్కువ గడులిచ్చే పందెమే తేలిగ్గా పడుతుంది. వేరే సెట్టు అటువైపు మొగ్గితే తిరగబడుతుంది. లెక్క వేశాక మరో వంద సార్లు వేసి చెమ్మాలు, అష్టాలు ఎన్నో సరిచూడండి. లెక్కకు చాలా దూరంగా వస్తే అనుమానించాల్సినవి రెండు: నాలుగు గవ్వలూ ఒకే తీరున లేకపోవడం, లేదా ఆడే చెయ్యి గవ్వల్ని గుప్పిట్లో బాగా కలపకుండా జార్చడం. రెండోది ఎవరి చెయ్యో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉంటుంది.